వీఆర్‌లో నా మొదటి రెండు వారాలు: కళ్లు తిరిగింది ఎందుకంటే

తలకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆడే వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ, గేమింగ్ మొదలుపెట్టిన రెండో రోజు రాత్రి నేను నేల మీద వెల్లకిలా పడుకుని, సీలింగ్ వైపు చూస్తూ మూడు గంటలు గడిపాను. కళ్లు మూస్తే గది తిరుగుతోంది, తెరిస్తే కడుపులో తిప్పుతోంది. హెడ్‌సెట్ పక్కనే ఉంది. దాని వైపు చూడాలన్నా వికారంగా ఉంది. మర్నాడు దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఇవ్వలేదు. అసలు ఏం జరిగిందో ఒక్కొక్కటిగా విప్పి చూసుకునేసరికి రెండు వారాలు పట్టింది.

వీఆర్ నాకు పూర్తిగా కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట ఫోన్‌ని అట్టపెట్టెలో పెట్టుకుని చూసే రకం ఒకటి ప్రయత్నించాను. తల తిప్పితే దృశ్యం తిరిగేది కానీ, ఒక అడుగు ముందుకు వేస్తే ప్రపంచమంతా నాతోపాటే ముందుకు వచ్చేసేది. వంగి ఏదైనా దగ్గరగా చూద్దామంటే అదీ దూరం జరిగేది. అయిదు నిమిషాలకే తల బరువెక్కింది, పక్కన పడేశాను. నా ఆఫీసు స్నేహితుడొకడు వీఆర్‌లో బాగా ఆరితేరినవాడు. ఈ సంగతి చెబితే నవ్వాడు.

"అది తల తిరగడం మాత్రమే పట్టుకుంటుందిరా. నువ్వు జరిగావా, వంగావా, కూర్చున్నావా అనేది దానికి తెలీదు. ఇప్పటివి రెండూ పట్టుకుంటాయి. కొనేముందు సిక్స్ డాఫ్ అని ఉందో లేదో చూసుకో, చాలు," అన్నాడు.

సిక్స్ డాఫ్ అంటే ఆరు రకాల కదలికలు. తల పైకీ కిందికీ ఊపడం, పక్కలకు తిప్పడం, భుజం మీదికి వాల్చడం మూడు. ముందుకూ వెనక్కీ, పక్కలకూ, పైకీ కిందికీ జరగడం ఇంకో మూడు. ఫోన్ పెట్టెకు తెలిసింది మొదటి మూడే. ఈ తేడా అప్పుడు నాకు మాటగానే అర్థమైంది. దాని అసలు విలువ నేల మీద పడుకున్న రాత్రి తర్వాతే తెలిసింది.

ఏ రకం హెడ్‌సెట్ తీసుకోవాలన్న దగ్గర పెద్దగా ఊగిసలాడలేదు. స్నేహితుడి దగ్గర ఉన్నది పీసీకి తగిలించేది. గది మూలల్లో ఎత్తుగా రెండు చిన్న డబ్బాలు బిగించి ఉంటాయి, వాటిని బేస్ స్టేషన్లు అంటారు. అవి గదంతా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఊడ్చినట్టు తిప్పుతుంటాయి, దాన్ని బట్టి హెడ్‌సెట్ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. బొమ్మ అద్భుతంగా ఉంది. కానీ దాని వెనక మంచి గ్రాఫిక్స్ కార్డున్న పీసీ కావాలి, పైగా వెన్ను మీదుగా వేలాడే కేబుల్. ఆడుతూ ఒకే వైపు నాలుగుసార్లు తిరిగేసరికి ఆ కేబుల్ కాళ్లకు చుట్టుకుంది. రెండో రకం గేమ్ కన్సోల్‌కి తగిలించేది. ప్లేస్టేషన్ వీఆర్2 అలాంటిదే, పీఎస్5 కోసం చేసింది, అదీ కేబుల్‌తోనే. మూడోది స్టాండలోన్, అంటే ప్రాసెసరూ బ్యాటరీ అన్నీ తలకు తగిలించుకునే డబ్బాలోనే. మెటా క్వెస్ట్ వరస ఈ రకానిది. బయట డబ్బాలు అక్కర్లేదు, హెడ్‌సెట్‌కే ఉన్న కెమెరాలు గదిని చూసి తామెక్కడున్నాయో తెలుసుకుంటాయి. బరువు అరకిలో అటూఇటూ, బ్యాటరీ రెండు గంటల పైచిలుకు. మొదటిసారి ఆడేవాడికి రెండు గంటలు ఎక్కువే. నా ఇంట్లో మంచి పీసీ లేదు, కేబుల్‌తో తంటాలు పడే ఓపికా లేదు. మూడో రకమే తీసుకున్నాను.

ఇక గది. నిలబడి, నాలుగడుగులు అటూఇటూ వేస్తూ ఆడటానికి కనీసం రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలంటారు. అంటే ఆరున్నర అడుగుల చదరం. వినడానికి చిన్నదే. టేపు పెట్టి కొలిస్తే మంచం, బల్ల, కుర్చీ పోగా మిగిలింది అందులో సగం. బల్లని గోడకు ఆనించి, కుర్చీని బయటికి పంపితే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు ఒకవైపు, మీటరు తొంభై ఇంకోవైపు వచ్చింది. సరిపోతుందిలే అనుకున్నాను.

హెడ్‌సెట్ పెట్టుకోగానే కెమెరాల గుండా గది మసక మసకగా కనిపించింది. ముందు నేల ఎత్తు చూసుకోమంటుంది. నేను చూడకుండానే సరే నొక్కేశాను. దాంతో ఆటలో నేను మోకాళ్ల మీద నడిచేవాడినంత పొట్టిగా అయిపోయాను, బల్లలన్నీ గడ్డం దగ్గరికొచ్చాయి. ఆటే అంత కాబోలు అనుకుని పావుగంట అలాగే ఆడాను. ఎవరికైనా లోకమంతా మరీ పెద్దగానో చిన్నగానో కనిపిస్తే ముందు చూడాల్సింది ఈ నేల ఎత్తే.

ఆ తర్వాత చేత్తో పట్టుకునే కంట్రోలర్‌తో నేల మీద గీత గీయాలి. ఆ గీతే బౌండరీ. దాని దగ్గరికి వెళ్లగానే గళ్ల గోడ ఒకటి గాల్లో ప్రత్యక్షమై ఆగమని హెచ్చరిస్తుంది. ఇక్కడే నేను తప్పు చేశాను. చోటు తక్కువగా ఉంది కదా, ఒక్క అంగుళం కూడా వదులుకోవడమెందుకని బల్ల అంచు దాకా, గోడ అంచు దాకా గీసేశాను. మెల్లగా చెయ్యి చాపితే గళ్లు ముందే కనిపిస్తాయి, నిజమే. కానీ ఆటలో మెల్లగా ఎవరు చాపుతారు? బీట్ సేబర్ అనే పాటల ఆటలో ఎదురుగా వచ్చే దిమ్మెల్ని కత్తితో నరకాలి. మొదటి పాట సగంలో కుడిచెయ్యి విసురుగా వెళ్లి బల్ల అంచుకు తగిలింది. గళ్లు కనిపించడం, వేలి కణుపు పగలడం ఒకేసారి జరిగాయి. అప్పటి నుంచి గోడకూ గీతకూ మధ్య జానెడు, బల్ల వైపైతే మూరెడు వదులుతున్నాను. చోటు చిన్నదైనా సరే, ఆ గీత నిజం చెప్పాలి.

ఇంకో సంగతి, ఆడుతుంటే మనకు తెలియకుండానే ముందుకు జరిగిపోతాం. నిలబడి ఆడే ఆటలోనూ పది నిమిషాలకు రెండడుగులు జరుగుతున్నానని చెల్లి చెబితేగానీ తెలియలేదు. దీనికి దొరికిన చిట్కా చాలా చవకది. గది మధ్యలో చిన్న కాళ్లపట్టా వేసుకుని చెప్పుల్లేకుండా దాని మీద నిలబడతాను. పాదానికి చల్లటి నేల తగిలిందంటే మధ్య నుంచి జరిగానని అర్థం. కళ్లకు గంతలు కట్టినా పాదాలకు తెలుస్తుంది. పైకి చూసుకోవడం మాత్రం మరిచిపోయాను. చెయ్యెత్తితే అందేంత కిందికి ఒక దీపం వేలాడుతోంది, దాని షేడ్ ఇప్పుడు లేదు.

అద్దం గోల కూడా చెప్పాలి. బీరువా తలుపుకు నిలువుటద్దం ఉంది. దాని వైపు తిరిగినప్పుడల్లా ఆటలో నా చెయ్యి అకస్మాత్తుగా దూరంగా ఎగిరిపోయేది. హెడ్‌సెట్ కెమెరాలు కంట్రోలర్ మీద ఉన్న ఇన్‌ఫ్రారెడ్ చుక్కల్ని చూసి చెయ్యి ఎక్కడుందో పోల్చుకుంటాయి. అద్దంలో అవే చుక్కలు ఇంకోసారి కనిపిస్తే ఏది అసలుదో వాటికి తెలీదు. దుప్పటి కప్పగానే సమస్య పోయింది. అలాగే లైటు మరీ తగ్గిస్తే కెమెరాలకు గది కనబడక ట్రాకింగ్ పోయిందని మొత్తుకుంటుంది. మామూలుగా పుస్తకం చదువుకునేంత వెలుతురుంటే చాలు. ఎండ మాత్రం వద్దు. లెన్సులు భూతద్దాల్లాంటివి, వాటి మీద నేరుగా ఎండ పడితే లోపలి తెర మీద మచ్చ కాలిపోతుంది, ఇక అది పోదు. కిటికీ పక్కన పెట్టానని ఫోన్లో చెప్పగానే స్నేహితుడు కంగారుపడి, "ముందు దాని మీద గుడ్డ కప్పి రా, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

మొదటి రోజు ఇలా దెబ్బలతోనే గడిచినా కళ్లు మాత్రం తిరగలేదు. అదే నన్ను బోల్తా కొట్టించింది. నాకు వీఆర్ పడుతుందిలే అన్న ధీమా వచ్చేసింది.

రెండో రోజు సాయంత్రం ఒక పాత భవనంలో తిరుగుతూ తాళాలు వెతికే ఆట పెట్టాను. ఎడమచేతి స్టిక్ ముందుకు నొక్కితే నడుస్తాం, కుడిచేతి స్టిక్ పక్కకు నొక్కితే తిరుగుతాం. టీవీ ముందు కూర్చుని ఆడే ఆటల్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే. మొదటి నడవా దాటేసరికి మొహం వెచ్చగా అనిపించింది. తర్వాత వరసగా రెండు ఆవలింతలు. నిద్ర వస్తోందేమో అనుకున్నాను. నోట్లో నీళ్లు ఊరాయి. మెడ వెనక చల్లటి చెమట పట్టింది, గది ఉక్కగా ఉందనుకున్నాను. కడుపులో తిప్పడం అన్నిటికంటే చివర మొదలైంది, అప్పటికి పన్నెండు నిమిషాలైంది. ఇంకో తలుపు తీస్తే ఆ అంకం అయిపోతుంది. ఆ ఒక్క తలుపు కోసం ఇంకో ఎనిమిది నిమిషాలు పళ్లు బిగించి తిరిగాను. తలుపు తెరుచుకోలేదు. హెడ్‌సెట్ తీసి నేల మీద పడ్డాను.

ఆ రాత్రి అర్థం కానిది తర్వాత స్నేహితుడితో మాట్లాడితే అర్థమైంది. చెవి లోపల ఉండే భాగం మనం కదులుతున్నామో, తిరుగుతున్నామో, నిలబడ్డామో చెబుతుంది. స్టిక్ నొక్కినప్పుడు కళ్లు "నడుస్తున్నాం, ఇప్పుడు పక్కకు తిరిగాం" అంటాయి. చెవి "ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాం" అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ కలవకపోవడమే ఈ తిప్పుడుకు కారణమని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. బస్సులో పుస్తకం చదివేవాడికి వచ్చే బాధే, కాకపోతే తిరగేసినట్టు. అక్కడ ఒళ్లు కదులుతుంది, కళ్ల ముందున్నది కదలదు. మొదటి రోజు బీట్ సేబర్ ఏమీ చేయకపోవడానికి కారణం కూడా ఇదే. అందులో దిమ్మెలు మన మీదికొస్తాయి కానీ మనం నిలబడ్డ చోటు కదలదు. నేను తల ఎంత తిప్పానో దృశ్యం అంతే తిరిగింది, చెవికీ కంటికీ తగాదా లేదు. ఫోన్ పెట్టె ఎందుకు అయిదు నిమిషాల్లో తల బరువెక్కించిందో కూడా అప్పుడే వెలిగింది. నేను నిజంగా జరిగేవాణ్ణి, అది జరగలేదనేది.

"ఆవలింత వచ్చినప్పుడే తీసేయాల్సింది. ఇది అలవాటయ్యేది ఓర్చుకుంటే కాదు, బాధ మొదలవకముందే ఆపితే. పళ్లు బిగించి ఆడితే ఒళ్లు ఇంకోటి నేర్చుకుంటుంది, హెడ్‌సెట్ అంటేనే వాంతి అని," అన్నాడు స్నేహితుడు.

అది నిజమే. మూడో రోజు హెడ్‌సెట్ మొహానికి పెట్టుకోగానే, ఇంకా ఆన్ కూడా చేయకుండానే, ఆ స్పాంజి వాసనకు కడుపు కదిలింది. రెండు రోజులు ముట్టుకోలేదు.

మళ్లీ మొదలుపెట్టే ముందు హెడ్‌సెట్ సరిగ్గా కూర్చుంటోందా అని చూసుకున్నాను. చూస్తే, కూర్చోవడం లేదు. నేను స్ట్రాప్‌ని తల వెనక నడినెత్తికి దగ్గరగా బిగించి, బరువంతా బుగ్గల మీద మోపుతున్నాను. తల వెనక, మెడకు పైన ఒక గుబ్బలాంటి ఎముక ఉంటుంది, వెనక స్ట్రాప్ దాని కిందికి రావాలి. అప్పుడు అదే కొక్కెంలా పట్టుకుంటుంది, పక్క స్ట్రాపులు గట్టిగా బిగించనక్కర్లేదు. నెత్తి మీది స్ట్రాప్ బరువు మోస్తుంది. దాన్ని కొద్దిగా బిగించగానే బుగ్గల మీద ఒత్తిడి పోయింది.

ఇంకోటి కనుపాపల మధ్య దూరం. దీన్ని ఐపీడీ అంటారు, మిల్లీమీటర్లలో కొలుస్తారు. లెన్సుల మధ్య దూరం దీనికి దగ్గరగా లేకపోతే అక్షరాలు ఎంత సర్దినా మసగ్గానే ఉంటాయి, కళ్లు లాగుతాయి. కొన్ని హెడ్‌సెట్లలో చక్రం తిప్పి ఎంతకైనా జరుపుకోవచ్చు. నాదాంట్లో మూడు మెట్లే ఉన్నాయి, 58, 63, 68. అది మధ్య మెట్టులో వచ్చింది, నేను కదపలేదు. కొలవడం ఇంట్లోనే అయిపోతుంది. అద్దానికి జానెడు దూరంలో నిలబడి, స్కేలుని కనుబొమ్మల మీద అడ్డంగా ఆనించాను. కుడికన్ను మూసి, సున్నా గీత ఎడమ కనుపాప మధ్యకు వచ్చేలా సర్దాను. తర్వాత స్కేలూ తలా కదపకుండా ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి, కుడి కనుపాప మధ్యకు ఏ గీత వచ్చిందో చదివాను. మూడుసార్లు చేస్తే రెండుసార్లు 67, ఒకసారి 66 వచ్చింది. మూడో మెట్టుకు మార్చాను. మెనూలో అక్షరాలు ఒక్కసారిగా తేటపడ్డాయి. అప్పటిదాకా ఆ మసకంతా హెడ్‌సెట్ నాసిరకం కావడం వల్లేననుకున్నాను.

అయితే మొత్తం తేటగా ఉంటుందనుకోకూడదు. నా హెడ్‌సెట్లో ఉన్నవి ఫ్రెనెల్ లెన్సులు, వలయాలు వలయాలుగా చెక్కినట్టుంటాయి. నడిమధ్యలో బొమ్మ స్పష్టం, అంచులకు పోయేకొద్దీ పలచబడుతుంది. చీకటి తెర మీద తెల్ల అక్షరాలొస్తే వాటి చుట్టూ కాంతి చారలు కనిపిస్తాయి. పాన్‌కేక్ లెన్సులున్న వాటిలో ఇది చాలా తక్కువ, అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది. రెండూ పెట్టుకుని చూసినవాడిగా చెబుతున్నాను, డబ్బు ఎక్కువ పెట్టగలిగితే రిజల్యూషన్ అంకెల కంటే లెన్సు మీద పెట్టడం మేలు. కళ్లజోడు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. జోడు అద్దం హెడ్‌సెట్ లెన్సుకు రాసుకుంటే రెండింటికీ గీతలు పడతాయి. మధ్యలో పెట్టే స్పేసర్ పెట్టెలో ఉందో లేదో, లేకపోతే హెడ్‌సెట్లోనే లెన్సుని వెనక్కి జరిపే వీలుందో చూడండి. నాది జోడే, స్పేసర్‌తో సరిపోయింది. ఆవిరి పట్టడం మాత్రం మొదటి రెండు నిమిషాలు తప్పదు. ముందే ఆన్ చేసి లెన్సులు కాస్త వెచ్చబడనిస్తే అదీ తగ్గుతుంది.

ఇక అసలు పని. అదే ఆట, అదే నడవా. సెట్టింగుల్లో ఒకసారికి ఒక్కటే మార్చి చూశాను, రోజుకు ఒక్క ప్రయత్నమే.

మొదట టెలిపోర్ట్. స్టిక్ నొక్కి ఎక్కడికి వెళ్లాలో చూపిస్తే కన్నార్పినట్టు అక్కడుంటాం, మధ్యలో నడక కనిపించదు. తిరగడానికి స్నాప్ టర్న్, అంటే స్టిక్ ఒకసారి నొక్కితే ఒక్క గెంతులో 45 డిగ్రీలు తిరిగి ఆగిపోతుంది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, సినిమాలో ముక్క తెగినట్టు. కానీ ఇరవై నిమిషాలు ఆడినా ఒక్క ఆవలింత లేదు. కదలికే కనిపించకపోతే చెవికి ఎదురు చెప్పేదేముంది?

మర్నాడు నడకని మళ్లీ మామూలుగా మార్చి, తిరగడం మాత్రం స్నాప్‌లోనే ఉంచాను. పది నిమిషాలకు మొహం కొద్దిగా వెచ్చబడింది. వెంటనే తీసేశాను, అయిదు నిమిషాల్లో మామూలైపోయాను. నేరుగా ముందుకు నడిచేటప్పుడు ఫర్వాలేదు, వెనక్కీ పక్కకూ జరిగినప్పుడే తేడా తెలుస్తోంది.

ఆ తర్వాతి రోజు తిరగడాన్ని స్మూత్‌కి, అంటే గెంతు లేకుండా నున్నగా తిరిగేలా, మార్చాను. మూడో నిమిషంలో ఆవలింత. నాలుగో నిమిషంలో హెడ్‌సెట్ బల్ల మీద ఉంది. దొంగ దొరికాడు. నన్ను పడగొట్టింది నడక కాదు, ఆ నున్నటి తిరుగుడు. ఆ రెండో రోజు రాత్రి తాళం కోసం ఆ గదిలో ఎన్ని చుట్లు తిరిగానో గుర్తొచ్చింది.

అప్పటి నుంచి స్టిక్‌తో తిరగడం వీలైనంత తగ్గించాను. నిలబడి ఆడుతుంటే ఒళ్లు తిప్పే తిరుగుతాను, కేబుల్ లేని హెడ్‌సెట్‌తో ఉన్న సుఖం అదే. కూర్చుని ఆడాల్సి వస్తే తిరిగే కుర్చీ. విన్యెట్ అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, కదులుతున్నప్పుడు అంచుల్ని నల్లగా మూసేసి మధ్యలో మాత్రం చూపిస్తుంది. కదలిక ఎక్కువగా తెలిసేది కంటి అంచుల్లోనే కాబట్టి అది బాగా పనిచేసింది. మొదట గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది, రెండు రోజులకు గమనించడం మానేస్తాం. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకోవడం కూడా కలిసొచ్చింది. చెమట పట్టదు, పైగా గాలి ఏ చెంపకు తగులుతోందో దాన్ని బట్టి గదిలో ఎటు తిరిగి ఉన్నామో తెలుస్తుంది.

ఒకరోజు మాత్రం ఇన్ని జాగ్రత్తల్లోనూ తల తిరిగింది, అదీ కదలకుండా నిలబడి చూసే దృశ్యంలో. స్నేహితుడి పీసీ నుంచి వైఫై మీద నా హెడ్‌సెట్‌కి ఒక ఆట పంపించి చూస్తున్నాం. సెకనుకు 72 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకు 14 మిల్లీసెకన్లు కూడా ఉండవు. వైఫై తడబడినప్పుడల్లా నా తల తిరిగాక దృశ్యం ఆలస్యంగా వస్తోంది. తేడా పోల్చుకోవడానికి వాడు ఒక పద్ధతి చూపించాడు. దగ్గరగా ఉన్న వస్తువు అంచు మీద చూపు నిలిపి, తలని గబగబా కాదన్నట్టు అడ్డంగా ఊపాలి. అంచు ఉన్నచోటే నిలబడితే బాగున్నట్టు, వణికినా రెండుగా కనిపించినా ఫ్రేములు పడిపోతున్నట్టు. అప్పుడు తప్పు మన ఒంట్లో లేదు, అలవాటు చేసుకోవాల్సిందీ ఏం లేదు, ఆపేయడమే.

నాకు పట్టు దొరికాక చెల్లి నేనూ చూస్తానంది. వచ్చినవాళ్లందరికీ మొదట రోలర్ కోస్టర్ చూపించేవాళ్లుంటారు. నా దృష్టిలో అంతకంటే చెడ్డ పని లేదు, కుర్చీలో కదలకుండా కూర్చున్నవాణ్ణి లోయలోకి తోసినట్టు. స్టోరులో చాలా ఆటల పక్కన Comfortable, Moderate, Intense అని గుర్తు ఉంటుంది, కొత్తవాళ్లకు మొదటిదే. చెల్లికి ఒక వంటగది ఆట పెట్టాను. అందులో నిలబడ్డ చోటు నుంచి కదిలే పని లేదు. ఐపీడీ మార్చాను, కంట్రోలర్ తాళ్లు మణికట్టుకు బిగించాను. లోపల ఏం చూస్తోందో నాకూ కనబడాలని టీవీకి కాస్ట్ చేశాను. కాస్ట్ చేయకపోతే "ఎర్రది నొక్కనా, పచ్చది నొక్కనా" అని అడిగితే ఏం చెబుతాం?

పది నిమిషాలు బ్రహ్మాండంగా ఆడింది. కింద పడ్డ గిన్నె తీయడానికి వంగింది, తీసింది, లేవడానికి ఎదురుగా ఉన్న బల్ల మీద ఎడమచెయ్యి ఆనించింది. ఆ బల్ల టీవీలో ఉంది, గదిలో లేదు. కూర్చున్నపళాన ముందుకు తూలి మోకాళ్ల మీద పడింది.

"అన్నయ్యా, బల్ల ఏది?" అంది హెడ్‌సెట్ తీయకుండానే, రెండు చేతులతో గాల్లో తడుముతూ.

నవ్వు ఆపుకోలేకపోయానుగానీ, వీఆర్‌లో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే. బల్ల మీద ఆనుకోవడం, కుర్చీలో కూర్చోబోవడం, గోడకు జారగిలబడటం. బౌండరీ దీన్ని ఆపలేదు, ఎందుకంటే మనం గీత లోపలే ఉంటాం. ఇప్పుడు ఎవరికి పెట్టినా ముందే చెబుతున్నాను, చేతికి తగలనిది ఏదీ బరువు మోయదని. ఇంకో నియమం పెట్టుకున్నాం, హెడ్‌సెట్‌లో ఉన్నవాళ్లను ముందు పిలవాలి, పలికాకే ముట్టుకోవాలి. వెనక నుంచి భుజం మీద చెయ్యేస్తే ఏమవుతుందో నా మోచేయి ఒకసారి చెల్లికి చూపించింది.

చిత్రమేమిటంటే, ఆ తర్వాత చెల్లి నా పాత భవనం ఆట స్మూత్ టర్న్‌తోనే అరగంట ఆడి, ఆకలేస్తోందంటూ లేచి వెళ్లిపోయింది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరం. ఇది మనిషికీ మనిషికీ ఇంత తేడాగా ఉంటుంది కాబట్టి, ఇంకొకరికి ఏమీ కాలేదని మనం పోటీకి దిగకూడదు.

ఆట అయ్యాక ఉండే వింత కూడా ముందే తెలిస్తే కంగారుండదు. మొదటి వారం హెడ్‌సెట్ తీశాక కాసేపు నా చేతులు నావి కానట్టు అనిపించేవి, బల్ల మీద గ్లాసు అందుకోబోయి అర అంగుళం ముందే వేళ్లు మూసేవాణ్ణి. కళ్లకూ పనే. లోపల వస్తువు దగ్గరున్నా దూరమున్నా చూపు స్పష్టత మాత్రం ఒకే దూరానికి కుదిరి ఉంటుంది. కనుగుడ్లు దగ్గరి వస్తువు కోసం లోపలికి తిరుగుతాయి, లోపలి కంటి లెన్స్ మాత్రం కొంత దూరానికే సర్దుకోవాలి. అందుకే వీఆర్‌లో చేతిలో పట్టుకున్న కాగితాన్ని చదవడం కష్టంగా ఉంటుంది. ప్రతి అరగంటకూ పది పదిహేను నిమిషాలు విరామం తీసుకోమని తయారీదారులు చెప్పేది నేనిప్పుడు పాటిస్తున్నాను. తీసిన వెంటనే బండి తాళాలు మాత్రం ముట్టుకోను.

పద్నాలుగో రోజుకు మామూలు నడకతో, స్నాప్ టర్న్‌తో అరగంట ఆడగలిగాను. స్మూత్ టర్న్ ఇప్పటికీ పడదు, ప్రయత్నించడం కూడా మానేశాను. ఆ సాయంత్రం మళ్లీ ఆ పాత భవనంలోకి వెళ్లి, ఎనిమిది నిమిషాలు పళ్లు బిగించి తీయలేకపోయిన ఆ తలుపు దగ్గర ఆగాను. తాళంచెవి దాని పక్కనే, నడుము ఎత్తులో, ఒక కొక్కేనికి వేలాడుతోంది.